పోలారిమీటర్‌లో పంచదారకు 66.5 బదులు 59 వస్తోంది, తప్పు ఎక్కడ?

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం ఫిజిక్స్ ప్రాక్టికల్. హాఫ్ షేడ్ పోలారిమీటర్, సోడియం దీపం, 20 సెం.మీ. గొట్టం. 100 మి.లీ. నీళ్లలో 20 గ్రాముల పంచదార కలిపితే భ్రమణం 23.7 డిగ్రీలు వచ్చింది, 10 గ్రాములకి 12.5, 5 గ్రాములకి 6.4. లెక్క కడితే విశిష్ట భ్రమణం 59, 62, 64 అని మూడు రకాలుగా వస్తోంది. పుస్తకంలో 66.5 అని ఉంది. సగటు తీసి రాసేయమంటున్నారు స్నేహితులు. తెలియని ద్రావణానికి 15.2 డిగ్రీలు వచ్చింది. దాని గాఢత కట్టడానికి ఏ విలువ వాడాలి? పరికరం పాడైందా సార్?

సమాధానం:

పరికరం బాగానే ఉంది, మీ రీడింగులూ బాగానే ఉన్నాయి. తప్పు ద్రావణం చేసిన తీరులో ఉంది. "100 మి.లీ. నీళ్లలో 20 గ్రాములు కలిపాను" అని మీరే రాశారు. కావలసింది 100 మి.లీ. నీళ్లు కాదు, 100 మి.లీ. ద్రావణం. సగటు తీయకండి. తెలియని ద్రావణానికి 66.5 వాడండి. గాఢత 100 మి.లీ.కి 11.4 గ్రాములు వస్తుంది.

ఇప్పుడు కారణం చూద్దాం. పంచదార నీళ్లలో కరిగి కనబడకుండా పోయినా దాని చోటు అది ఆక్రమిస్తూనే ఉంటుంది. కరిగిన ఒక్కో గ్రాము దాదాపు 0.62 మి.లీ. స్థలం తీసుకుంటుంది. అంటే 100 మి.లీ. నీళ్లలో 20 గ్రాములు వేస్తే మీ చేతికి వచ్చేది సుమారు 112.4 మి.లీ. ద్రావణం. అందులో ప్రతి 100 మి.లీ.లో ఉన్నది 20 గ్రాములు కాదు, 17.8 గ్రాములే. పోలారిమీటర్ ఆ 17.8నే చూసింది. మీరు మాత్రం సూత్రంలో 20 వేశారు.

సూత్రం ఇది. ఇందులో `l` డెసీమీటర్లలో, `c` ఒక మి.లీ.కి ఎన్ని గ్రాములు అన్న లెక్కలో ఉండాలి:

```
[α] = α / (l × c)
```

మీ గొట్టం 20 సెం.మీ., అంటే `l = 2`. ఇక్కడ 20 అని వేస్తే జవాబు పదో వంతుకి పడిపోతుంది. మీరు ఆ తప్పు చేయలేదు. మీ మూడు రీడింగులకు అసలు గాఢతలు వేసి మళ్లీ కట్టి చూడండి:

```
20 గ్రా.: c = 20/112.4 = 0.178    [α] = 23.7/(2 × 0.178)  = 66.6
10 గ్రా.: c = 10/106.2 = 0.0942   [α] = 12.5/(2 × 0.0942) = 66.3
 5 గ్రా.: c =  5/103.1 = 0.0485   [α] =  6.4/(2 × 0.0485) = 66.0
```

మూడూ 66.5 చుట్టూనే వచ్చి కూర్చున్నాయి. అందుకే పరికరం మీద, మీ కంటి మీద నాకు ఏ అనుమానమూ లేదు.

ఈ సవరణ తప్పు ఎక్కడుందో తేల్చుకోవడానికి పనికొస్తుంది, రికార్డులో రాసుకోవడానికి కాదు. 0.62 అన్నది సుమారు విలువ. ద్రావణాలు మళ్లీ సరిగ్గా చేసి రీడింగులు తీసుకోవడమే సరైన దారి.

ఒక్క రీడింగు చెప్పలేనిది మూడు రీడింగులు చెబుతాయి

మీరు 20 గ్రాముల ద్రావణం ఒక్కటే చేసి 59 వచ్చిందని రాసి ఉంటే, నేను ఇంత గట్టిగా చెప్పలేకపోయేవాడిని. 59 రావడానికి కారణాలు చాలా ఉంటాయి. మీరు మూడు గాఢతలకు తీశారు కాబట్టి, విలువలు ఎటు జరుగుతున్నాయో చూస్తే తప్పు ఏ జాతిదో తెలుస్తుంది. ఈ ప్రయోగంలో నేను అన్నిటికన్నా ముందు చూసేది అదే.

మీ విలువలు 59, 62, 64. గాఢత తగ్గేకొద్దీ విలువ పైకి, అసలు విలువ వైపు పోతోంది. ప్రతి ద్రావణాన్నీ విడిగా "100 మి.లీ. నీళ్లలో ఇన్ని గ్రాములు" అని చేసినప్పుడు ఇలా వస్తుంది. పంచదార తక్కువైతే అది పెంచే ఘనపరిమాణం తక్కువ, కాబట్టి తప్పు కూడా తక్కువ.

సున్నా రీడింగు తప్పు అయితే కథ తిరగబడుతుంది. ద్రావణాలన్నీ సరిగ్గా ఉండి, నీళ్లతో తీసిన రీడింగులో అర డిగ్రీ తేడా వచ్చిందనుకోండి. ఆ అర డిగ్రీ ప్రతి భ్రమణంలోనూ అంతే ఉంటుంది. 26.6 రావలసిన చోట 26.1 వస్తే విశిష్ట భ్రమణం 65.3 అవుతుంది, పెద్దగా బాధ లేదు. కానీ 5 గ్రాముల ద్రావణానికి 6.65 బదులు 6.15 వస్తే అది 61.5కి దిగిపోతుంది. అంటే గాఢత తగ్గేకొద్దీ విలువ అసలు దానికి దూరం జరుగుతుంది. గాఢత అడ్డంగా, భ్రమణం నిలువుగా పెట్టి గ్రాఫు గీస్తే గీత వంకర లేకుండా తిన్నగానే వస్తుంది, వాలు కూడా సరిగ్గానే ఉంటుంది, కాకపోతే మూలబిందువు గుండా పోదు. గ్రాఫు గీయమని మాస్టార్లు పట్టుబట్టేది ఇందుకే. సున్నా తప్పును వాలు లెక్కలోకి రానివ్వదు.

మూడో రకం, మూడు విలువలూ ఒకే మోతాదులో తక్కువ రావడం. 59, 59, 59 అని. ఒకే పెద్ద ద్రావణం చేసి, దాన్ని పిపెట్‌తో సగానికి, పావుకి పలచన చేస్తే, మొదటి ద్రావణంలో ఉన్న తప్పు అన్నిటికీ సమానంగా పాకుతుంది. గొట్టం అసలు పొడవు మీరు అనుకున్నది కాకపోయినా ఇదే జరుగుతుంది. గ్రాఫు మూలబిందువు గుండా చక్కగా పోతుంది, చూడ్డానికి ఏ లోపమూ కనబడదు. నా దృష్టిలో అన్నిట్లోకీ మోసం చేసేది ఇదే. నీట్‌గా ఉన్న గ్రాఫు చూసి తృప్తిపడి, తప్పుడు విలువ రాసేస్తారు.

ద్రావణం ఎలా చేయాలి

త్రాసులో 20.00 గ్రాముల మామూలు తెల్ల పంచదార తూయండి. పొడిగా ఉన్న పంచదారలో తేమ చాలా స్వల్పం. 66.5 రాకపోవడానికి "పంచదార స్వచ్ఛంగా లేదు" అన్న సాకు చెల్లదు. బెల్లం మాత్రం వద్దు. రంగు వల్ల చూపు ఆనదు, పైగా అందులో సుక్రోజ్ ఒక్కటే ఉండదు.

పంచదారను బీకరులో 60 మి.లీ. స్వేదనజలంలో పూర్తిగా కరిగించండి. గరాటు పెట్టి 100 మి.లీ. స్టాండర్డ్ ఫ్లాస్క్‌లోకి వంచండి. బీకరును, గరాటును కొంచెం కొంచెం నీళ్లతో రెండు మూడుసార్లు కడిగి ఆ నీళ్లు కూడా ఫ్లాస్క్‌లోనే పోయాలి. బీకరు గోడకు అంటుకున్న జిగురు ద్రావణాన్ని వదిలేస్తే అదంతా మీ 20 గ్రాముల్లోంచి పోయినట్టే. తర్వాతే గీత దాకా నీళ్లు పోయండి. కరగడానికి వేడి చేసి ఉంటే, గది వేడికి చల్లారాకే గీతకు కలపాలి.

గీత దాకా పోశాక మూత పెట్టి ఫ్లాస్క్‌ను పది పదిహేనుసార్లు తలకిందులు చేయండి. ఇది చాలామంది మర్చిపోతారు. పంచదార ద్రావణం బరువు, పైన పోసిన నీళ్లు తేలిక. కలపకపోతే మెడలో పలచగా, అడుగున చిక్కగా ఉండిపోతుంది. అలాంటి ద్రావణాన్ని గొట్టంలో పోస్తే పాకం గీతల్లాంటి చారలు కదులుతూ కనిపిస్తాయి, రెండు సగాలూ ఎప్పటికీ సరిగ్గా కలవవు. ద్రావణం మసకగా ఉంటే ఫిల్టర్ కాగితంలో వడగట్టి, మొదట దిగిన కొద్ది మి.లీ. పారబోయండి. తడి కాగితం అయితే ఆ మొదటి భాగం పలచబడి ఉంటుంది.

10, 5 గ్రాముల ద్రావణాలకు మళ్లీ తూయక్కర్లేదు. 50 మి.లీ. పిపెట్‌తో తీసి 100 మి.లీ. ఫ్లాస్క్‌లో గీత దాకా నింపితే సగం గాఢత, దాన్ని మళ్లీ అలాగే చేస్తే పావు. అయితే ఇందాక చెప్పిన చిక్కు ఇక్కడే ఉంది. మొదటి ద్రావణం తప్పయితే అన్నీ తప్పే. అందుకని ఒక్క ద్రావణాన్నయినా విడిగా తూచి చేసి సరిచూసుకోండి.

గొట్టం, సున్నా, రెండు సగాల కలయిక

దీపం వెలిగించాక పది నిమిషాలు ఆగండి. మొదట ఎర్రటి గులాబీ రంగులో ఉండి తర్వాత నిండు పసుపుకు వస్తుంది. అప్పటిదాకా రీడింగు తీయకూడదు. 66.5 అన్న విలువ 589 నానోమీటర్ల సోడియం పసుపు కాంతికే చెల్లుతుంది. పాదరసపు ఆకుపచ్చ గీత 546 నానోమీటర్ల దగ్గర అదే పంచదారకు సుమారు 78.4 వస్తుంది. హాఫ్ షేడ్ పలకలోని క్వార్ట్‌జ్ సగం కూడా సోడియం కాంతికి సరిపడేటట్టే అరగదీసింది, కాబట్టి వేరే దీపం పెడితే రెండు విధాలా చెడుతుంది.

గొట్టంలో ముందు స్వేదనజలం నింపి సున్నా రీడింగు తీస్తారు కదా. తర్వాత ద్రావణం పోసేముందు, అదే ద్రావణంతో గొట్టాన్ని రెండు మూడుసార్లు కడిగి పారబోయాలి. గొట్టంలో 20 మి.లీ. పడుతుందనుకుంటే, లోపల ఒక్క మి.లీ. నీరు మిగిలినా గాఢత 5 శాతం పడిపోతుంది. 66.5 కాస్తా 63 అవుతుంది. మీ తప్పు తర్వాత నేను ఎక్కువగా చూసే తప్పు ఇదే. ద్రావణం తక్కువగా ఉందని కడగడం మానేస్తారు. అందుకని పలచటి ద్రావణంతో మొదలుపెట్టి చిక్కటి వాటి వైపు పోండి. అలా పోతే, మిగిలిపోయిన చుక్కల వల్ల వచ్చే తేడా తక్కువ.

గొట్టాన్ని అంచు పొంగేదాకా నింపి, గాజు బిళ్లను పక్కనుంచి జరుపుతూ మూయండి. చిన్న బుడగ మిగిలితే గొట్టం మధ్యలో ఉబ్బుగా ఉన్న చోటికి దాన్ని నడిపించి వదిలేయండి, దారికి అడ్డు రాదు. మూతను వేళ్లతో ఆనేంత బిగించండి చాలు. గట్టిగా బిగిస్తే గాజు బిళ్ల మీద ఒత్తిడి పడి, ఆ గాజే కాంతి ధ్రువణాన్ని పాడుచేస్తుంది. అనలైజర్ ఎంత తిప్పినా రెండు సగాలూ సమానం కాకుండా ఒక మూల వెలుగు మిగిలిపోతుంటే, ముందు మూతలు వదులు చేసి చూడండి. బిళ్లల బయటి ముఖాలు పొడిగుడ్డతో తుడవండి. జిగట వేలిముద్ర ఒక్కటి చాలు చూపు మసకబారడానికి.

ఇక కంటి పని. ముందు ఐపీస్‌ను జరిపి రెండు సగాల మధ్య ఉన్న గీత సన్నగా, స్పష్టంగా కనబడేలా చేసుకోండి. నీళ్లకు బదులు ద్రావణం పెట్టాక ఆ గీత మళ్లీ మసకబారుతుంది, మళ్లీ సర్దుకోవాలి. ఇప్పుడు అనలైజర్ తిప్పుతూ పోతే ఎడమ సగం వెలుగ్గా, కుడి సగం చీకటిగా ఉంటుంది. నెమ్మదిగా తిప్పండి. ఒక చోట రెండూ మసక మసకగా సమానమై మధ్య గీత మాయమవుతుంది. ఇంకొక్క పిసరు తిప్పితే కుడి సగం వెలిగి ఎడమది నల్లబడుతుంది. ఆ గీత మాయమైన చోటే మీ రీడింగు. ఒకే వృత్తం ఎప్పుడు పూర్తిగా చీకటైందో కన్ను చెప్పలేదు, కానీ పక్కపక్కనున్న రెండు సగాల్లో ఏది కొంచెం ఎక్కువ వెలుగుందో ఇట్టే పట్టేస్తుంది. హాఫ్ షేడ్ పెట్టింది అందుకే.

రెండు సగాలూ సమానమయ్యే చోట్లు రెండు రకాలు. ఒకటి మసకగా సమానం, దానికి 90 డిగ్రీల అవతల వెలుగుగా సమానం. వెలుగు చోట అనలైజర్‌ను చాలా దూరం తిప్పినా రెండు సగాలూ సమానంగానే ఉన్నట్టు అనిపిస్తుంది. అక్కడ రీడింగు తీయకూడదు. సున్నా మసక చోట, ద్రావణం వెలుగు చోట తీస్తే 26.6 బదులు 116.6 లాంటి అర్థంలేని సంఖ్య వస్తుంది. అలా వస్తే కారణం ఇదే.

ఒక్కో ద్రావణానికి ఐదు రీడింగులు తీయండి. కొన్ని ఎడమ నుంచి వచ్చి, కొన్ని కుడి నుంచి వచ్చి. మధ్యమధ్య కన్ను తిప్పుకోండి. అదే పనిగా చూస్తే కన్ను అలసి, సమానం కానిదాన్ని కూడా సమానం అంటుంది. రెండు వెర్నియర్లు ఉంటే రెండూ చదివి సగటు తీయండి, స్కేలు కేంద్రం కొంచెం పక్కకు ఉన్నా ఆ తేడా పోతుంది. స్కేలు 360 దాటితే జాగ్రత్త. నీళ్లకు 352.3, ద్రావణానికి 18.9 వస్తే భ్రమణం 360 + 18.9 − 352.3, అంటే 26.6.

తెలియని ద్రావణం లెక్క

అదే సూత్రాన్ని తిప్పి రాయడమే:

```
c = α / ([α] × l) = 15.2 / (66.5 × 2) = 0.1143 గ్రా./మి.లీ.
```

అంటే 100 మి.లీ.కి 11.4 గ్రాములు. మీ స్నేహితులు చెప్పినట్టు మూడింటి సగటు 62 వేసి ఉంటే 12.3 వచ్చేది. దాదాపు ఏడు శాతం ఎక్కువ. ద్రావణాలు చేయడంలో జరిగిన తప్పును, ఆ తప్పుతో ఏ సంబంధమూ లేని తెలియని ద్రావణం మీద రుద్దినట్టు అవుతుంది.

సరిగ్గా చేసిన ద్రావణాలతో మీరే గ్రాఫు గీస్తే పుస్తకం విలువ కూడా అక్కర్లేదు. 2 డెసీమీటర్ల గొట్టానికి గీత వాలు, 100 మి.లీ.కి ఒక్కో గ్రాముకు 1.33 డిగ్రీలు రావాలి. 15.2ను ఆ వాలుతో భాగిస్తే చాలు. మీ పరికరంతో, మీ గొట్టంతో, ఆ రోజు వేడిలో తీసిన వాలు కాబట్టి నేనైతే దీన్నే ఎక్కువ నమ్ముతాను. గొట్టం పొడవులో తేడా ఉన్నా రెండు వైపులా సమానంగా పడి కొట్టుకుపోతుంది.

జవాబులో ఎన్ని అంకెలు రాయాలన్నది కూడా చూసుకోండి. వెర్నియర్ 0.1 డిగ్రీ చదువుతుందనుకుంటే, 15.2లో 0.1 తేడా అంటే గాఢతలో 0.08 గ్రాము. కాబట్టి 11.4 అని ఆపేయాలి. క్యాలిక్యులేటర్ చూపించిన 11.4286 రాయడంలో అర్థం లేదు. అదే 0.1 డిగ్రీ 5 గ్రాముల ద్రావణంలో విశిష్ట భ్రమణాన్ని ఒక పూర్తి యూనిట్ అటూ ఇటూ చేస్తుంది, 20 గ్రాముల దాన్లో పావు యూనిట్ మాత్రమే. పైన మీ చివరి విలువ 66.0 రావడం అందుకే తప్పు కాదు.

ఈ లెక్క ఎప్పుడు చెల్లదు

ద్రావణంలో ఉన్నది సుక్రోజ్ ఒక్కటే అని తెలిస్తేనే పై లెక్క. పోలారిమీటర్ మొత్తం భ్రమణాన్ని చెబుతుంది, ఏ చక్కెర తిప్పిందో చెప్పదు.

మీరు చేసిన ద్రావణం గత వారానిదైతే అనుమానించండి. స్వచ్ఛమైన నీళ్లలో సుక్రోజ్ తనంతట తాను విడిపోవడం గది వేడిలో చాలా నెమ్మది. కానీ ఆమ్లం తగిలినా, ఈస్టు, బూజు చేరినా గ్లూకోజ్‌గా, ఫ్రక్టోజ్‌గా విడిపోతుంది. గ్లూకోజ్ విలువ +52.7, ఫ్రక్టోజ్‌ది సుమారు −92. సమపాళ్లలో ఉంటే మొత్తం దాదాపు −20కి, అంటే ఎడమ వైపుకి తిరిగిపోతుంది. 100 మి.లీ.లో 20 గ్రాములున్న ద్రావణం పూర్తిగా విడిపోతే +26.6 కాస్తా −8.3 అవుతుంది. కాబట్టి 8 శాతం విడిపోయినా చాలు, భ్రమణం 23.7కి దిగుతుంది. అంటే సరిగ్గా మీకు వచ్చిన సంఖ్యే!

మరి మీ ద్రావణం పాడు కాలేదని ఎలా అంటున్నాను? మూడూ విడివిడిగా చేసినవి, ఘనపరిమాణం సవరణ ఒక్కటే మూడింటినీ 66.5కి తెచ్చింది. పాడైతే మూడూ అంత పద్ధతిగా సరిపోవు. ఇంకా సందేహం ఉంటే, చేతిలో పట్టుకునే బ్రిక్స్ రిఫ్రాక్టోమీటర్‌లో ఒక చుక్క వేయండి. అది 100 గ్రాముల ద్రావణంలో ఎన్ని గ్రాముల పంచదార ఉందో చెబుతుంది. 100 మి.లీ. ద్రావణంలో 20 గ్రాములుంటే 18.6 దగ్గర, 100 మి.లీ. నీళ్లలో 20 గ్రాములు కలిపితే 16.7 దగ్గర చూపిస్తుంది. పాడైన ద్రావణంలో బ్రిక్స్ పెద్దగా మారదు, భ్రమణం మాత్రం పడిపోతుంది. రెండు పరికరాలూ కలిపి చూస్తే దాగే తప్పు ఉండదు.

గ్లూకోజ్‌తో ప్రయోగం చేస్తే మరో రెండు మెలికలు. స్ఫటిక గ్లూకోజ్ అప్పుడే కరిగిస్తే +112 దగ్గర మొదలై, గంటల తరబడి దిగుతూ +52.7 దగ్గర నిలబడుతుంది. ఐదు నిమిషాలకోసారి రీడింగు మారిపోతుంటే పరికరాన్ని తిట్టకండి. ద్రావణాన్ని రాత్రంతా ఉంచండి, లేదా గీతకు నింపే ముందు ఒక చుక్క అమ్మోనియా వేయండి, త్వరగా కుదురుతుంది. రెండోది, మందుల షాపులో దొరికే గ్లూకోజ్ పొడి సాధారణంగా ఒక నీటి అణువుతో కూడిన మోనోహైడ్రేట్. తూచినదాంట్లో 91 శాతమే అసలు గ్లూకోజ్. దాన్ని లెక్కలోకి తీసుకోకపోతే 52.7కు బదులు 48 వస్తుంది.

వేడి గురించి చాలామంది అడుగుతారు. 66.5 అన్నది 20 డిగ్రీల సెల్సియస్‌కు ఇచ్చిన విలువ, మన ల్యాబులు వేసవిలో 35 దాకా పోతాయి. సుక్రోజ్‌కు దాని ప్రభావం చాలా తక్కువ. ఒక్కో డిగ్రీకి విశిష్ట భ్రమణం పదివేలలో రెండు వంతుల కన్నా కాస్త తక్కువగా తగ్గుతుంది. 35 డిగ్రీల దగ్గర 66.5 బదులు 66.3. మీ వెర్నియర్‌కు అది కనబడదు. రికార్డులో "ఉష్ణోగ్రత వల్ల తేడా వచ్చింది" అని రాసి 59ని సమర్థించుకోవడం మాత్రం కుదరదు. ఫ్రక్టోజ్ అలా కాదు, వేడికి బాగా మారుతుంది. విడిపోయిన చక్కెర ద్రావణం కొలిచేటప్పుడు థర్మామీటర్ పక్కన ఉండి తీరాలి.

చెరకు ఫ్యాక్టరీ ల్యాబుల్లో ఇదే కొలతను "పోల్" అంటారు. అక్కడ లెక్క కట్టే పని లేకుండా, 26 గ్రాముల శుద్ధ సుక్రోజ్‌ను 100 మి.లీ. ద్రావణం చేసి 20 సెం.మీ. గొట్టంలో పెడితే స్కేలు 100 చూపేలా గుర్తులు పెట్టారు. సోడియం కాంతిలో అది 34.6 డిగ్రీలు. మీ సూత్రంలో `c = 0.26` వేసి చూడండి, అదే వస్తుంది. ఆ ల్యాబుల్లోనూ 26 గ్రాములు ముందు తూచి, తర్వాతే ఫ్లాస్క్‌ను గీత దాకా నింపుతారు. మళ్లీ ప్రయోగం చేసేటప్పుడు మీరు కూడా ఒకసారి 26 గ్రాములతోనే చేసి 34.6 వస్తుందో లేదో చూసుకోండి. ఆ ఒక్క రీడింగులో మీ తూకం, ఫ్లాస్క్, గొట్టం పొడవు, సున్నా అన్నీ తేలిపోతాయి. ఆ తర్వాత తెలియని ద్రావణాన్ని అదే గొట్టంలో, అదే గంటలో చదవండి.